వదిన ఒప్పుకోని నలభై మూడు పేజీలు

మందు పెట్టె తెరిస్తే మాత్రలకంటే ముందు చేతికి తగిలే మడతల కాగితం ఒకటుంటుంది. దాన్ని ఎవరూ విప్పరు. విప్పినా చదవరు. చదవబోయినా కళ్లు ఒప్పుకోవు. అచ్చయ్యాక ఎవరూ చదవని ఆ కాగితాలను అచ్చవకముందు అక్షరం అక్షరం చదివి తప్పులు పట్టడం మా వదిన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే ప్రెస్సు, కిటికీ పక్కన అదే బల్ల. పెన్ను మాత్రం మారుతూ ఉంటుంది, సిరా రంగు మారదు. ఎరుపే.

నాది కళ్లద్దాల దుకాణం. గోడకు తగిలించిన చార్టులో కింది వరస చదవమని పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని వేధించి డబ్బులు తీసుకుంటాను. నేను మాత్రం చిన్న అక్షరాలు కనిపిస్తే పక్కకు తప్పుకునే రకం. బ్యాంకువాళ్లు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను, ఫోను ఏది నొక్కమంటే అది నొక్కుతాను. ఈ గుణం వల్లే ఈ కథ జరిగింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి.

మేమందరం ఒకే ఇంట్లో ఉంటాం. పైన నేను, కింద అన్నయ్యా వదినా. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. భోజనం మాత్రం అందరికీ కిందే. వదినకు పిల్లలు లేరు, నాకు పెళ్లి లేదు. అందుకని ఆవిడ దిద్దాలంటే దొరికేది మేమిద్దరమే.

నాలుగేళ్ల క్రితం వదినకు ఫోనులో ఒక అక్షరాల ఆట అలవాటైంది. ఏడు అక్షరాలు ఇస్తారు. ఎదుటివాడికంటే ముందు, ఎదుటివాడికంటే పెద్ద మాట కట్టాలి. ఏడాదికింత అని సభ్యత్వ రుసుము కడితే పోటీల్లో ఆడొచ్చు. జనవరి నుంచి డిసెంబరు దాకా గెలిచిన పాయింట్లన్నీ కూడుకుంటూ పోతే, ఏడాది చివర మొదటి పదహారుమందికి ఫైనల్లో సీటు. మొదటి ఏడాది వదినది తొంభయ్యో స్థానం. రెండో ఏడాది నలభై ఒకటి. మూడో ఏడాది పంతొమ్మిది. మూడు స్థానాల తేడాతో సీటు పోయింది. ఆ రోజు ఆవిడ ఏడవలేదు గానీ, అన్నయ్య చొక్కా మీద కంపెనీ పేరు ఎంబ్రాయిడరీలో తప్పుందని దారం మొత్తం పీకేసింది.

"ముప్పై ఏళ్లు వెనకాల కూర్చుని చదివానయ్యా," అంది నాతో ఒకసారి, టీ గిన్నె తోముతూ. "నేను పట్టిన తప్పు ఎవరికీ కనపడదు. కనపడితే అది నేను పట్టనిది. ఒక్కసారి ఆ పదహారుమందిలో కూర్చోవాలని ఉంది. గెలవక్కర్లేదు."

ఆ మాట విన్నాక ఆ ఆటను నేను వెక్కిరించడం మానేశాను. నాలుగో ఏడాది, అంటే ఈ కథ జరిగిన ఏడాది, అక్టోబరు మొదటికి వదిన ఆరో స్థానంలో ఉంది. ఇంట్లో మేం గట్టిగా ఊపిరి కూడా తీసుకోవడం లేదు.

అక్టోబరు మూడో తారీకున ఆట తెరవగానే తెర నిండా ఒక పెట్టె వచ్చింది. "మా నిబంధనలు మారాయి. కొనసాగాలంటే అంగీకరిస్తున్నాను అని నొక్కండి." కింద ఒకటే బటన్. వద్దు అనడానికి బటన్ లేదు. నిబంధనలు చదవాలనుకునేవాళ్లకోసం ఓ మూల చీమ తలకాయంత లింకు ఉంది. ఆ ఆట ఆడే లక్షలమందిలో దాన్ని నొక్కింది బహుశా మా వదిన ఒక్కతే అయుంటుంది.

మర్నాడు ప్రెస్సు నుంచి వస్తూ చంకలో కట్ట పట్టుకొచ్చింది. నలభై మూడు పేజీలు, ఒకవైపే అచ్చు. భోజనాల బల్ల తుడిచి, పరిచి, పెన్ను మూత తీసింది.

"ఇదేంటి వదినా?"

"ప్రూఫ్."

"ప్రూఫ్ కాదు, నిబంధనలు. వాళ్లు రాసేసుకున్నారు. మనం ఒప్పుకోవడమే."

"ఒప్పుకుంటావా అని అడిగారా లేదా? అడిగారంటే ఇంకా ఖాయం కాలేదనే. నా సంతకం పడకుండా మా ప్రెస్సులో దగ్గు మందు కాగితం కూడా మిషను ఎక్కదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే మనిషితో ఏం చెప్తాం? మూడు సాయంత్రాలు కూర్చుంది. కామాలు తగిలించింది, ఒకే మాట రెండుసార్లు పడ్డచోట ఒకటి కొట్టేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ అర్థం కూడా చదువుతుంది, అదీ వచ్చిన చిక్కు.

పన్నెండో పేజీ దగ్గర పెన్ను ఆగింది. తొంభై రోజులు దాటిన పాయింట్లు నవంబరు ఒకటి నుంచి చెల్లవట. కావాలంటే కొత్తగా పెట్టిన "వేగం పాయింట్లు" కొనుక్కోవచ్చట. అంటే జనవరి నుంచి ఆడి సంపాదించినవాడు వెనక్కి, నవంబరులో డబ్బు పెట్టి కొన్నవాడు ముందుకు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. పైగా మన తెప్ప.

ముప్పై ఏడో పేజీ దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి గట్టిగా చదివి వినిపించింది. ఆటగాడికీ కంపెనీకీ ఏ తగాదా వచ్చినా కోర్టుకుగానీ ఫిర్యాదుల కేంద్రానికిగానీ వెళ్లకూడదు. మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి. ఆ మధ్యవర్తిని కంపెనీయే నియమిస్తుంది. కూర్చునేది కంపెనీ ఉన్న నగరంలో. ఎవరి గోడు వాళ్లే చెప్పుకోవాలి, పదిమంది కలిసి రాకూడదు. ఆయన చెప్పిందే తుది మాట.

"మధ్యవర్తి అంటే మంచిదేగా," అన్నాడు అన్నయ్య, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ. "కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. తొందరగా తేలిపోతుంది."

"ఇద్దరూ కలిసి ఎంచుకుంటే మంచిదే. మన సంబంధానికి మీ మేనత్త మధ్యవర్తిత్వం చేసింది. అబ్బాయికి కోపమే రాదని చెప్పింది. తర్వాత ఏమైంది?"

అన్నయ్య గుడ్డ విదిలించి బయటికి వెళ్లిపోయాడు, కోపంగా.

ఆ ముప్పై ఏడో పేజీ అడుగున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. మధ్యవర్తి భాగం ఇష్టం లేనివాళ్లు, అంగీకరించిన ముప్పై రోజుల్లోగా, ఖాతా నంబరు వేసి సంతకం పెట్టి, ఆ సంగతి కాగితం మీద రాసి మా రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపాలి. అలా పంపినవాళ్లకు ఆ ఒక్క భాగం వర్తించదు, ఆట మామూలుగా ఆడుకోవచ్చు. ఎవరూ పంపరన్న ధీమాతో పెట్టిన వాక్యమని నా అనుమానం. నొక్కి ఒప్పుకోవడానికి ఒక క్షణం, వద్దనడానికి పోస్టాఫీసు!

ఇంకెవరైనా అయితే తెల్లకాగితం తీసుకుని నాలుగు ముక్కల ఉత్తరం రాసేవాళ్లు. వదిన ప్రూఫ్‌రీడర్. మధ్యవర్తి భాగం మొత్తానికి అడ్డంగా గీత గీసి, చివర తోక మెలితిప్పి, మార్జిన్లో "ఈ భాగం నాకు వద్దు. తీసేయాలి" అని రాసి, ఖాతా నంబరు, తేదీ వేసి సంతకం చేసింది. పన్నెండో పేజీకీ అదే శాస్తి చేసింది. పైన చీటీ గుచ్చింది. "సవరణలు చేశాను. దిద్ది కొత్త ప్రూఫ్ పంపగలరు." కట్ట మొత్తానికి రంగుల జిరాక్సు తీసి ఉంచుకుని, ఎనిమిదో తారీకున అసలుది రిజిస్టర్డ్ పోస్టులో వేసింది. పదకొండున అవతలివాళ్లు అందుకుని సంతకం చేసిన రసీదు తిరిగొచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టింది. ఆట తెరవడం మానేసింది.

అక్కణ్ణుంచి మాకు మొదలైంది. సాయంత్రం రెండు గంటలు ఆటలో పెట్టే బుర్రను ఇంటి మీద పెట్టింది. పాలవాడి చీటీ దిద్దింది. అన్నయ్య మాట్లాడుతుంటే మధ్యలో ఆపి, "ఆ వాక్యంలో కర్త ఎవరు?" అంది. నా దుకాణం బోర్డు మీద పదమూడు తప్పులున్నాయని, నా దుకాణంలోనే, కస్టమరు ముందే చెప్పింది. కస్టమరు చూసి, "అవును సార్, ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి," అన్నాడు. అద్దాలు బాగా కుదిరినట్టున్నాయి.

"నువ్వే ఏదో ఒకటి చెయ్యాలిరా," అన్నాడు అన్నయ్య. "ఇంకో వారం ఇలాగే ఉంటే నేను లిఫ్టులోనే పడుకుంటాను."

అందుకని పంతొమ్మిదో తారీకు ఆదివారం, వదిన స్నానానికి వెళ్లినప్పుడు, బల్లమీద ఉన్న ఫోను తీసి, ఆట తెరిచి, ఆ ఒక్క బటన్ నొక్కేశాను. మహా అయితే అర నిమిషం పని. పెట్టె మాయమైంది. ఆరో స్థానం కనిపించింది. పుణ్యం చేశానన్న నమ్మకంతో పైకి వెళ్లి పడుకున్నాను.

మర్నాడు వదిన ఊరికే చూద్దామని ఆట తెరిచి, కేక పెట్టింది. "ఏవండీ! అబ్బాయ్! చూశారా? పెట్టె తీసేశారు! నా సవరణలు ఒప్పుకున్నారు!"

అన్నయ్య నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

"కొత్త ప్రూఫ్ పంపలేదు, అది తప్పే. అయినా దిద్దుకున్నారుగా. పెద్ద కంపెనీ కదా, పద్ధతి తెలిసినవాళ్లు," అంది. ఆ మొహంలో వెలుగు చూశాక నిజం చెప్పడం నావల్ల కాలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

నవంబరు ఒకటిన పొద్దున్నే తెరిస్తే వదిన స్థానం మూడు వందల పన్నెండు. పది నెలల్లో ఏడు నెలల పాయింట్లు ఎగిరిపోయాయి. కంపెనీకి రాస్తే అరగంటలో జవాబు వచ్చింది. మీరు అంగీకరించిన నిబంధనల ప్రకారమే జరిగింది, అభ్యంతరముంటే మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేసుకోండి, మీ సంతోషమే మా ధ్యేయం. కింద నవ్వుతున్న బొమ్మ.

"నేను అంగీకరించలేదే!" అంది వదిన. మూడుసార్లు అంది. గడపలో నిలబడి విన్నాను. నా అంత చవట ఇంకొకడుండడని నాకు ఆ రోజే తెలిసింది. అయినా నోరు విప్పలేదు.

వదిన వినియోగదారుల ఫిర్యాదుల కేంద్రానికి వెళ్లింది. సభ్యత్వానికి డబ్బు కట్టింది కాబట్టి ఆవిడ వినియోగదారే, అందులో పేచీ లేదు. లాయరు అక్కర్లేదు, ఫారం నింపితే చాలన్నారు. కౌంటరులోని గుమాస్తా ఇచ్చిన ఫారంలో రెండు తప్పులు దిద్ది మరీ నింపింది. ఫైనల్ జనవరి రెండో ఆదివారం. కేసు తేలేలోగా ఫైనల్ అయిపోతే గెలిచినా గాలి మూటే కాబట్టి, ఈలోగా తన సీటు నిలపాలని తాత్కాలిక ఉత్తర్వు కూడా అడిగింది. డిసెంబరు మూడో వారంలో విచారణ పెట్టారు.

విచారణ గది అంటే పెద్దగా ఊహించుకోకండి. పొడుగు బల్ల, ఆరు కుర్చీలు, ఓ కాలు కింద అట్టముక్క దూర్చిన ఫైళ్ల బీరువా. బల్ల అవతల విచారణాధికారి, యాభై దాటిన ఆవిడ, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. చూడగానే ఫ్రేము బిగించాలని నా చేతులు లాగాయి. ఇటువైపు వదినా నేనూ. ఎదురుగా కంపెనీ లాయరు, నున్నగా దువ్విన తల, ముందు పల్చటి లాప్‌టాప్.

లాయరు లేచాడు. "మేడం, ఈ ఫిర్యాదు అసలు ఇక్కడికి రాకూడదు. ఒప్పందంలో మధ్యవర్తిత్వం ఉంది. మమ్మల్ని అక్కడికి పంపించండి."

"ఆ ఒప్పందానికి ఈవిడ ఒప్పుకున్నారా?" అంది అధికారి.

"ఒప్పుకోలేదండీ," అంది వదిన. కట్ట తీసి బల్లమీద పెట్టింది. లోపల ఎరుపు చూసి అధికారి పక్కనున్న గుమాస్తా ఉలిక్కిపడ్డాడు.

అధికారి పేజీలు తిప్పుతూ పోయింది. ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగి, "ఈ మెలిక ఏంటమ్మా?" అంది.

"తీసేయమనండీ. మా పనిలో ప్రపంచమంతా అదే గుర్తు."

"అది ప్రూఫ్ దిద్దడం మేడం!" అన్నాడు లాయరు. "నిరాకరణ ఉత్తరం కాదు. మేం దీన్ని సలహాగా తీసుకున్నాం."

"ఏం చేశారు సలహాని?"

లాయరు లాప్‌టాప్ చూసుకున్నాడు. "సలహాల విభాగానికి పంపారు."

"వాళ్లేం చేశారు?"

"... ధన్యవాదాలు చెప్పాలని నిర్ణయించారు."

"చెప్పారా?"

"ఇంకా లేదు మేడం."

అధికారి పేజీ అతని వైపు తిప్పింది. "మీ నిబంధన ఏమడిగింది? కాగితం మీద రాయాలి, ఖాతా నంబరు, సంతకం, ముప్పై రోజులు. ఇక్కడ నంబరుంది, సంతకముంది, తేదీ ఉంది. వద్దు అని తెలుగులో రాసుంది. నీలం సిరాలో రాయాలని మీరెక్కడా చెప్పలేదే?"

వదిన నావైపు చూసి కళ్లెగరేసింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. అప్పుడే లాయరు గొంతు సవరించుకున్నాడు.

"ఆ కాగితం మాకు అందింది అక్టోబరు పదకొండున. కానీ మేడం, అక్టోబరు పంతొమ్మిది, ఉదయం పదకొండు నలభై రెండుకి, ఇదే ఫోను నుంచి, ఇదే ఖాతాలో అంగీకరిస్తున్నాను నొక్కారు. ఇదిగో రికార్డు. ముందు వద్దన్నారు, తర్వాత సరేనన్నారు. ఏది చివరిదైతే అదే మాట. ఆ తర్వాత ఇంకో నిరాకరణ పంపలేదు."

వదిన రికార్డు కాగితం అందుకుని చదివింది. ఇంకోసారి చదివింది. "ఇది తప్పండీ. నేను నొక్కలేదు. ఆ రోజు ఆదివారం..." అంటూ ఆగిపోయింది. ఆదివారం పదకొండు నలభై రెండుకి తానెక్కడుందో గుర్తొచ్చినట్టుంది. మెల్లగా తల తిప్పింది.

రెండు నెలలు నీళ్లు నమిలాను, ఆ గదిలో నమలడానికి నీళ్లు కూడా లేవు. లేచి నిలబడ్డాను.

"నేను నొక్కానండీ."

"మీరెవరు?"

"మరిదినండీ. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు... ఇంట్లో అందరినీ దిద్దుతోందండీ. భరించలేకపోయాం."

గుమాస్తా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అధికారి మాత్రం నవ్వలేదు. "ఆవిడ నొక్కమన్నారా?"

"లేదండీ. ఆవిడకు తెలియదు. పెట్టె పోయేసరికి కంపెనీవాళ్లే తన సవరణలు ఒప్పుకున్నారనుకుంది. నేను చెప్పలేదు."

"మీరు చదివారా, నొక్కేముందు?"

"లేదండీ."

వదిన మొహం అప్పుడు మారింది. నొక్కానన్నప్పుడు కాదు, చదవలేదన్నప్పుడు.

లాయరు వదిలిపెట్టలేదు. "ఎవరు నొక్కినా ఖాతాదారుదే బాధ్యత మేడం. నలభయ్యో పేజీ, మూడో పేరా. పైగా తర్వాత పన్నెండు రోజులు ఆడారు. ఆడితే అంగీకరించినట్టే, ఐదో పేజీ."

"ఆ నలభయ్యో పేజీ, ఐదో పేజీ ఎందులోవి?"

"కొత్త నిబంధనల్లోవి."

"కొత్త నిబంధనలకు ఆవిడ ఒప్పుకున్నారా లేదా అన్నదేగా మనం తేల్చేది? ఒప్పుకున్నారనడానికి, ఒప్పుకుంటేనే వర్తించే పేజీ చూపిస్తే ఎలా?" అధికారి కళ్లద్దాలు పైకి తోసుకుంది, అవి మళ్లీ జారాయి. "వద్దన్న కాగితం పదకొండున మీ చేతికొచ్చింది. చదవలేదు, జవాబివ్వలేదు, ఆవిణ్ణి ఆడనిచ్చారు. మీ మౌనం చూసి, తన సవరణలకు మీరు ఒప్పుకున్నారని ఆవిడ అనుకుంటే తప్పు ఆవిడదా? అసలు ఇలాంటి నిబంధన పెట్టి మనిషిని ఇక్కడికి రాకుండా ఆపొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. అంతదాకా పోనక్కర్లేదు. మధ్యవర్తికి ఈవిడ ఒప్పుకోలేదు. విచారణ ఇక్కడే."

వదిన లేచి, "మరి పన్నెండో పేజీ కూడా కొట్టేశానండీ. పాయింట్లు నావేగా?" అంది ఉత్సాహంగా.

"కూర్చోండమ్మా. అది అలా కాదు. మధ్యవర్తి భాగం వద్దనే వీలు వాళ్లే ఇచ్చారు, మీరు వాడుకున్నారు. పన్నెండో పేజీకి ఆ వీలు లేదు. మీరు గీత గీసినంతమాత్రాన నిబంధన పోదు. ఎర్ర సిరాతో మీరొక్కరే ఒప్పందాన్ని మార్చలేరు." వదిన మొహం వాడిపోయింది. అధికారి లాయరు వైపు తిరిగింది. "అలాగే పెట్టె ఒకటి తెరమీద పెట్టి మీరొక్కరే మార్చేయగలరా అన్నది చూడాలి. ఆట మొదలైనప్పటి పాత నిబంధనలు తెచ్చారా?"

"పాతవి వెబ్‌సైటు నుంచి తీసేశాం మేడం. ఇప్పుడు అమల్లో ఉన్నవే ఉంటాయి."

"నా దగ్గరున్నాయండీ," అంది వదిన. "డబ్బు కట్టిన ప్రతి జనవరిలోనూ ప్రింటు తీసి పెట్టుకున్నాను. దిద్దినవే. పంపలేదంతే, అప్పుడు ఎవరూ ఒప్పుకుంటావా అని కొత్తగా అడగలేదుగా."

లాయరు మొహంలో మొదటిసారి ఆ నున్నదనం తగ్గింది.

పాతదాంట్లో రెండు వాక్యాలు పనికొచ్చాయి. ఒకటి, కంపెనీ ఏ నిబంధననైనా ఎప్పుడైనా మార్చవచ్చు. లాయరు దాన్ని పట్టుకుని వేలాడాడు. రెండోది, జనవరిలో సీజను మొదలయ్యాక ఆ సీజను పాయింట్ల లెక్క మారదు. అధికారి రెండూ పక్కపక్కన పెట్టి చదివి, అందరికీ వర్తించే మామూలు మాటకంటే ప్రత్యేకంగా ఇచ్చిన హామీకే బలమెక్కువ అంది. రెండింటికీ పొంతన కుదరకపోతే, రాసినవాడికి వ్యతిరేకంగా అర్థం తీసుకోవాలంది. ముందు ముందు సీజన్లకు మార్చుకోండి, చెప్పి మార్చుకోండి. ఆడి సంపాదించేసిన పాయింట్లను వెనక్కి వెళ్లి చెరపడం కుదరదు. కేసు పూర్తిగా తేలేదాకా, ఈవిడ పాయింట్లు పాత లెక్క ప్రకారమే చూసి, దాన్నిబట్టి సీటు వస్తే ఫైనల్లో కూర్చోబెట్టాలి. అదీ ఉత్తర్వు.

నడవాలోకి వచ్చాక వదిన కట్ట చంకలో పెట్టుకుని తిన్నగా వెళ్లి బస్సెక్కింది. ఇంటికొచ్చి కట్ట బల్లమీద పెట్టి, ఎదుటి కుర్చీ చూపించింది.

"కూర్చో. చదువు."

"మొత్తమా?"

"పైకి."

నలభై మూడు పేజీలు పైకి చదివాను. తడబడ్డచోటల్లా వెనక్కి పంపింది. ఇరవయ్యో పేజీకి గొంతు బొంగురుపోయింది. ముప్పై ఏడుకి వచ్చేసరికి, ఒక్క వేలితో నేనేం పారేయబోయానో నాకే తెలిసొచ్చి, ఆగిపోయాను. "క్షమించు వదినా," అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

"నొక్కినందుకు కాదయ్యా," అంది వదిన. "నా కళ్లముందే పెరిగావు. నేనేం పని చేస్తానో తెలుసు. అయినా అది చదివే విషయం కాదనుకున్నావు. అందరిలాగే." తర్వాత కాసేపటికి మంచినీళ్లు తెచ్చి పెట్టింది. "ఇంకా ఆరు పేజీలున్నాయి, కానియ్."

డిసెంబరు ముగిసేసరికి పాత లెక్క ప్రకారం వదినది తొమ్మిదో స్థానం. సీటు వచ్చింది.

జనవరి రెండో ఆదివారం, పొద్దున పది గంటలు. భోజనాల బల్ల మీద ఫోను నిలబెట్టుకుని వదిన కూర్చుంది, ఉతికిన చీర, కొత్తగా నేను చేసిచ్చిన అద్దాలు. వెనకాల అన్నయ్యా నేనూ. తెరమీద పదహారు గళ్లు. తొమ్మిదో గడిలో మా వదిన పేరు. అన్నయ్య చప్పుడు కాకుండా ముక్కు తుడుచుకున్నాడు. ఆట ఇరవై నిమిషాలు. గడియారం మొదలైంది. మొదలవుతూనే తెర నిండా పెట్టె వచ్చింది. "ఫైనల్‌కు ప్రత్యేక నిబంధనలు. అంగీకరిస్తున్నాను." గడియారం దాని వెనకాల తిరుగుతూనే ఉంది. రెండు క్షణాల్లో పదిహేను గళ్లూ పచ్చగా వెలిగాయి.

వదిన మూలనున్న లింకు నొక్కింది.

"ఒసేయ్, టైము పోతోందే!" అన్నాడు అన్నయ్య. "తర్వాత చదువుకోవచ్చు!"

"తర్వాత చదివితే ఒప్పుకోవడం ఎలా అవుతుందండీ?"

నాలుగు పేజీలు. మొదటి నిమిషం, రెండో నిమిషం. అవతల ఒకామె అప్పుడే ఐదు మాటలు కట్టేసింది. అన్నయ్య గదిలో పచార్లు మొదలుపెట్టాడు. నేను ఆవిడ భుజం మీదుగా చూస్తూ నాకు తెలియకుండానే చదవడం మొదలుపెట్టాను. విజేతల ఫోటోలు కంపెనీ వాడుకోవచ్చు, సరే. మధ్యలో నెట్ పోతే ఆట మళ్లీ పెట్టరు, సరే. ఐదో నిమిషంలో చివరి పేజీ. ఫలితం మీద ఫిర్యాదు ఏడు రోజుల్లోగా ఇవ్వాలి. పాయింట్ల మాట లేదు, మధ్యవర్తి మాట లేదు.

"బాగానే ఉంది కదా వదినా," అన్నాను.

"బాగానే ఉంది," అంది. పెన్ను జోలికి పోలేదు. చూపుడువేలితో నిదానంగా నొక్కింది. తొమ్మిదో గడి కూడా పచ్చగా వెలిగింది.

మిగిలిన పదిహేను నిమిషాలూ ఆవిడ ఆడిన ఆట నేను జన్మలో చూడలేదు. పదకొండో స్థానంలో ఆగింది. ఆ ఐదు నిమిషాలూ ఉంటే మొదటి ముగ్గుర్లో ఉండేదని అన్నయ్య కాగితం మీద లెక్క వేసి చూపించాడు. వదిన ఆ కాగితం పక్కకు నెట్టి, తెరమీద పదహారు పేర్ల జాబితాని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఒక్క తప్పూ పట్టలేదు.